అమ్మ చేతిలో కలం లేదు

మొన్న మా కొత్త వంటగదిలో టైల్స్ పరచడం పూర్తయింది. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తి పిడితో ఒక్కో పలకనూ తట్టుకుంటూ వస్తున్నాడు. నేను పక్క గదిలో పారాయణంలో ఉన్నాను. టంగు టంగుమని నిండుగా మోగుతున్న చప్పుడు పొయ్యిగట్టు కింద ఒకచోట డబ్బుమని చచ్చిపోయింది. శ్లోకం నోట్లోనే ఆగిపోయింది. లేచి వెళ్ళి, ఆ పలక కింద సిమెంటు పట్టలేదు, తీసి మళ్ళీ పరచమన్నాను. పక్క గదిలో ఉండి ఎట్లా కనిపెట్టారని మేస్త్రీ అడిగాడు. బొగ్గుగనిలో నేర్చుకున్నానని చెప్పాను. అది సగం నిజమే. నేర్పింది లచ్చయ్య. చిన్నాన్న వరసలో అందరం ఆయన్ను కాక అని పిలిచేవాళ్ళం. ఆయన నేర్పింది సరస్వతమ్మ పటం ముందు కూర్చోబెట్టి.

లచ్చయ్య కాక గోదావరిఖనిలో మా గని ల్యాంప్ రూమ్‌లో పనిచేసేవారు. లోపలికి దిగేవాళ్ళకు తలదీపాలు ఇవ్వడం, పైకి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకుని ఛార్జింగుకు పెట్టడం ఆయన పని. వయసులో ఉండగా బొగ్గు నింపుతూ కాలు విరగ్గొట్టుకుంటే పైపనికి మార్చారట. సాయంత్రాలు మా క్వార్టర్ల మధ్య ఉన్న రేకుల భజన మందిరానికి ఆయనే పెద్ద. అక్షరాలు కూడబలుక్కుని చదివేవారు. కానీ ఏళ్ళ తరబడి విన్న ప్రవచనాలు ఆయన చెవిలో నుంచి మనసులోకి దిగి, అక్కడే ఉండిపోయాయి. నా సంగతి వేరు. చిన్నప్పటి నుంచి మందిరంలోనే పెరిగాను, సూక్తాలూ సహస్రనామాలూ కంఠస్థం, పైగా డిగ్రీ. నాన్న తర్వాత ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. మా సత్సంగంలో ఉపన్యాసం చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణేనన్న గర్వం కూడా నాకు ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు నేను సర్దార్ పరీక్షకు కూర్చున్నాను. గనిలో సర్దార్ అంటే తనకు అప్పగించిన మేర భద్రతకు పూచీపడే మనిషి. పైకప్పు తట్టి చూడాలి, గాలిలో గ్యాసు ఉందేమో చూడాలి, చూసింది రిజిస్టరులో రాయాలి. ఆ రాతను నమ్మి తర్వాతివాళ్ళు అక్కడ అడుగుపెడతారు. పుస్తకమంతా నేను శ్లోకంలా బట్టీపట్టాను. కాక ఒకరోజు ల్యాంప్ రూమ్ కిటికీలో నుంచి పిలిచి, గ్యాసు ఎట్లా చూస్తావని అడిగారు. గడగడా అప్పజెప్పాను. ఆయన వినీ విననట్టు ఊరుకుని, ఇనుప జాలీ ఉన్న పాత మంటదీపం ఒకటి వెలిగించి నా ముందు పెట్టారు. వత్తిని మెల్లగా తగ్గించుకుంటూ పోయారు. పసుపు మంట చిన్నదై చిన్నదై చివరికి గోటిగిల్లంత మిగిలింది. గ్యాసు ఉన్నచోట ఆ చిన్న మంట మీద లేత నీలం టోపీ ఒకటి లేస్తుందని, మంట పెద్దగా ఉంటే ఆ నీలం కంటికి ఆనదని చెప్పారు.

"హంస గురించి ఉపన్యాసం చెప్తవు గద," అన్నారు. "పాలు తెల్లగుంటయి. నీళ్ళు కలిపినా తెల్లగనే ఉంటయి. కంటికి తేడ తెల్వదు. గాలి, గ్యాసు గూడ గంతే బిడ్డా. నీ మంట తగ్గించుకుంటేనే కనవడ్తది."

క్షీరనీర వివేకం అన్న మాటను నేను ఎన్నోసార్లు వేదిక మీద పలికాను. మంచిని చెడు నుంచి వేరుచేసే తెలివికి హంస గుర్తు అని, ఉచ్ఛ్వాస నిశ్వాసలలో హం అనీ స అనీ పలికే ప్రాణానికి కూడా అదే పేరు అని వివరించేవాణ్ణి. అయితే వేరుచేయాల్సిన రెండూ చూపుకు ఒకేలా ఉంటాయన్నది, అక్కడే వివేకం అవసరమన్నది ఆ కిటికీ దగ్గరే తట్టింది.

పైకప్పు పాఠం మందిరంలో జరిగింది. గోడ మీది పటంలో అమ్మ తెల్లని తామరలో కూర్చుని ఉంది, పక్కన హంస. ముందరి రెండు చేతుల్లో వీణ, వెనక చేతుల్లో ఒకదాన పుస్తకం, ఒకదాన జపమాల. వీణకు ఏడు తీగలు, ఇరవైనాలుగు మెట్లు అని, వెన్నెముకే వీణాదండంగా ఈ శరీరాన్నే దైవవీణ అంటారని, చెదిరిన మనసును శ్రుతిలో పెట్టడమే విద్య అని నాకు తెలిసినదంతా చెప్పాను. కాక తలూపి, ఎడమచెయ్యి ఏం చేస్తోందని అడిగారు. మెట్ల మీద తీగను అదిమి పట్టిందన్నాను. కుడిచెయ్యి? మీటుతోందన్నాను. మరి మూడో పని ఏమిటని అడిగారు. జవాబూ ఆయనే చెప్పారు. వినడం, అన్నారు. వీణ పట్టినామె ముందు వింటుంది, ఆ తర్వాతే మీటుతుంది. సర్దారు ఒక చేత్తో కర్రెత్తి పైకప్పును తడతాడు, రెండో అరచేతిని రాతికి ఆనించి అదురు చూస్తాడు, చెవితో వింటాడు. గట్టి రాయి మోగుతుంది, పొర విడిన రాయి తడిసిన డప్పులా పలుకుతుంది. వీణకు కూడా బుర్ర బోలుగానే ఉంటుంది కదా అని నేను తెలివి చూపించబోయాను.

"వీణకు బోలు అందం, రూఫుకు బోలు గండం," అన్నారు కాక. భజనకు వచ్చినవాళ్ళు పక్కున నవ్వారు.

పరీక్ష పాసయ్యాను, సర్దారునయ్యాను. మరుసటి ఏడు వసంత పంచమికి, అమ్మ రూపంలోని గుర్తులపై నా ఉపన్యాసం పెట్టారు. ముందురోజు నాది మొదటి షిఫ్టు. నా పరిధిలో చిట్టచివర ఒక మూల ఉండేది. అక్కడ మోకాలిలోతు నీళ్ళు, కొన్నాళ్ళుగా పని లేదు. త్వరగా ఇంటికి వెళ్ళి ఉపన్యాసానికి మెరుగులు పెట్టుకోవాలన్న ఆరాటంలో ఆ నీళ్ళలోకి దిగలేదు. రిజిస్టరులో మాత్రం ఆ మూలకు ఎదురుగా "తట్టి చూశాను, బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. సరస్వతి గురించి చెప్పడానికి సిద్ధమవుతూ నేను చేసిన పని అది.

పంచమినాడు మధ్యాహ్నం మాట ధారగా వచ్చింది. హంస అమ్మకు వాహనం, తామర ఆసనం. వివేకం మీద ఎక్కి వస్తుంది, నిర్మలమైన చోట కూర్చుంటుంది. తామర బురదలో పుడుతుంది, నీళ్ళలో పెరుగుతుంది, దాని ఆకుకు నీటిచుక్క అంటదు. విద్య ఉన్నవాడు లోకంలో అట్లా ఉండాలి అన్నాను. పుస్తకం వేదవిద్య, జపమాల ఆ విద్య లోపలికి ఇంకడం అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. అప్పుడు కాక లేచి, నాలుగు చేతుల లెక్క సరిపోయింది గానీ పుస్తకం ఉన్నప్పుడు కలం ఏదని అడిగారు. జ్ఞానం ఎవరూ రాసింది కాదు, అనాది, అందుకే కలం లేదని పండితుల సమాధానం చెప్పాను.

"అది పెద్దోళ్ళ మాట, కాదనను," అన్నారు కాక. "నాకు తోచింది ఇంకోటున్నది. అమ్మ రాయదు. రాసేది మనం. మనం రాసింది పోయి అమ్మ చేతిల పడ్తది. బరువైనా తేలికైనా ఆమెనే పట్టుకోవాలె."

ఆ మాట అందరికీ నచ్చింది. నాకు మాత్రం ముందురోజు రిజిస్టరులో రాసింది గుర్తొచ్చింది. ఇంతలో నీళ్ళు తోడే పంపుల దగ్గర ఖలాసీగా పనిచేసే మల్లేశం హారతికి ఆగకుండా లేచాడు. రెండో షిఫ్టులో ఆ నీళ్ళ మూలకు పైపులు వేయాలట, జల్ది పోవాలట. పోతూ పోతూ నా భుజం తట్టి, "బాగుందని నువ్వు రాసినవ్ గద అన్నా, ఇగ ఫికర్ ఏంది," అన్నాడు.

రెండో షిఫ్టు సర్దారు కూడా చూస్తాడని మనసుకు చెప్పుకున్నాను. కానీ నిన్నటి నా రాత ఉంది గనుక, మధ్యలోని షిఫ్టులవాళ్ళలాగే అతడూ ఆ నీళ్ళ మూలను చూడకుండా వదిలేస్తాడని నాకు తెలుసు. నేనూ అదే చేశాను కదా. హారతి పళ్ళెం నా దగ్గరికి వస్తుంటే చేతులు చాచలేకపోయాను. కాక దగ్గరికి వెళ్ళి, చూడకుండా రాశానని చెవిలో చెప్పాను. కోప్పడతారనుకున్నాను.

"నాకెందుకు చెప్తున్నవ్? చెప్పాల్సింది ఆడ, గని కాడ," అన్నారు. "లెవ్వు. హారతి ఎటు పోదు, నేనిస్త."

పట్టుపంచెతోనే సైకిలెక్కాను. గని దగ్గర సర్దార్ల పైఅధికారి ఓవర్‌మన్ ఎదురైతే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది, అయినా ఒక్క మాట అనకుండా లోపలికి ఫోన్ చేసి పైపులవాళ్ళను ఆపించాడు. బట్టలు మార్చుకుని, దీపం తీసుకుని ఆయనతో దిగాను. మల్లేశం, అతని జతవాళ్ళు మలుపు దగ్గర పైపుల మీద కూర్చుని ఉన్నారు. ఆ నీళ్ళు చల్లగా మోకాళ్ళు దాటాయి. తట్టుకుంటూ పోయాను. మోగింది, మోగింది, మళ్ళీ మోగింది. మూలకు నాలుగడుగుల ముందు మంచమంత మేర చప్పుడు చచ్చిపోయింది. అరచేతికి అదురు తెలిసింది. ఓవర్‌మన్ కూడా విన్నాడు. వెనక్కి జరిగి, ఇటుపక్క ఊతాలు నిలబెట్టించి, గట్టి కప్పు కింద నిలబడి పొడవాటి గడ్డపారతో ఆ పొరను కదిలించారు. రెండో పోటుకే ఊడి నీళ్ళలో పడింది. నీళ్ళు మా ముఖాల దాకా ఎగిశాయి. ఆ రాయి కింద ఎవరూ లేరు.

"అమ్మా" అన్నాను. ఏ శ్లోకమూ రాలేదు. మల్లేశం వచ్చి నా రెక్క పట్టుకుని నిలబడ్డాడు. తనకేమన్నా అయితే తన పెండ్లాం నన్ను బతకనిచ్చేది కాదని, కాబట్టి ఇయ్యాల బతికింది తాను కాదు, నేనని అన్నాడు. అందరం నవ్వాం. అంత తేలికగా నేను అంతకుముందు ఎప్పుడూ నవ్వలేదనిపించింది.

తప్పుడు రాతకు మెమో ఇచ్చారు, మూడు నెలలు సర్దారు పని తప్పించారు. అది న్యాయమే. కష్టమైంది తోటివాళ్ళ మాటలతోనే. నేను ల్యాంప్ రూమ్ వైపు వస్తుంటే చాలు, హంస వస్తోంది, పాలు దాచుకోండని ఒకడు, నీళ్ళు కలపకండని ఇంకొకడు. ఇక మందిరంలో మాట్లాడనని, వేరే గనికి బదిలీ అడుగుతానని కాకతో అన్నాను. ఆయన దీపాలు తుడుస్తూనే విన్నారు.

"నీళ్ళ మీద అలిగి తామర గట్టెక్కుతదా?" అన్నారు. "ఆడనే ఉంటది. తడువది. గంతే."

బదిలీ అడగలేదు. మరుసటి పంచమికి మందిరంలో మళ్ళీ మాట్లాడాను. ఈసారి ముందుగా నా రిజిస్టరు సంగతి చెప్పి, ఆ తర్వాత వీణ దగ్గరికి వచ్చాను. ఉపన్యాసం తడబడింది. కాక మాత్రం కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. తెలంగాణ వచ్చిన ఏడాది ఆయన కాలం చేశారు.

మెమో ఇచ్చిన మూడు నెలలూ గడిచి, తిరిగి సర్దారు పనిలో చేరిన మొదటిరోజు ఒక దారికి రాళ్ళు అడ్డంపడి లోపలికి వెళ్ళలేకపోయాను. రిజిస్టరు తెరిచి ఆ దారికి ఎదురుగా "చూడలేదు" అని రాశాను. ఓవర్‌మన్ చదివి, సరే, అక్కడికి ఎవర్నీ పంపొద్దని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట రాయడం అంత సులువని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఉద్యోగంలో, ఇంట్లో, సత్సంగంలో తెలియనిదాన్ని తెలియదని, చూడనిదాన్ని చూడలేదని చెబుతూ వచ్చాను. అట్లా చెప్పిన ప్రతిసారీ భుజాల మీద నుంచి ఏదో దిగినట్టుంటుంది. అమ్మ చేతికి ఆ మేరకు బరువు తగ్గించాననుకుని దండం పెట్టుకుంటాను.