ఏమీ చేయని మీటలు

ముత్తక్కది చర్ల అవతల, గుట్టల కింద కోయ ఊరు. వానాకాలం పోడులో జొన్న వేసేది. ఎండలు ముదిరితే తపసి చెట్లకు గాట్లు పెట్టి బంక తీసేది. బంకను తెల్లది వేరు, ఎర్రది వేరు ఏరుకుని, సంత రోజున తట్టలో పెట్టుకుని చర్ల వచ్చేది. భర్త బొజ్జయ్య చెట్టు మీదినుంచి పడి చనిపోయాడు. తరువాత ఆమె, కూతురు సుక్కి ఉన్నారు. ఒక వానాకాలం చలిజ్వరంతో సుక్కి కూడా పోయింది. అప్పటికి సుక్కికి బడి వయసు దాటలేదు.

చర్లలో సంత పక్కనే చిన్న దవాఖానా ఉండేది. హైదరాబాదులోని ఒక సంస్థ దాన్ని నడిపేది. అందులో పనిచేసే హైమది తల్లాడ. జ్వరాల సర్వే కోసం సంస్థ ఆమెకు ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చింది. జ్వరం వచ్చినవాళ్లతో మాట్లాడడానికి కోయ మాటలు కావాలి. సుక్కి బతికి ఉన్న రోజుల్లో హైమ ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తెలుగు మాట ఒక్కొక్కటే అడుగుతూ, పిల్ల చెప్పింది చెప్పినట్టు ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసింది. ఒక నిమిషం ఉంటుంది. నీళ్లు అంటే ఏరు అన్నది సుక్కి. తల, కన్ను, కడుపు అన్నీ చెప్పింది. చివర హైమ "వణుకు" అని అడిగితే, మాటతో చెప్పకుండా వణికి చూపించి నవ్వింది. నవ్వు మధ్యలో రికార్డు ఆగిపోతుంది.

సుక్కి పోయిన తరువాత ముత్తక్క ప్రతి సంతకూ దవాఖానాకు వచ్చేది. బంక అమ్ముకుని, తట్ట గోడకు ఆనించి కూర్చునేది.

"ఒక్కపాలి పెట్టమ్మా," అనేది.

హైమ పెట్టేది. ముత్తక్క వినేటప్పుడు ఆ ల్యాప్‌టాప్ పెట్టె మీద చెయ్యి వేసుకునేది. పిల్ల మాట్లాడుతుంటే పెట్టె కొంచెం అదురుతుంది, అది చేతికి తెలుస్తుంది. మొదట్లో ఆమె చెయ్యి అక్షరాల మీద పడి బొమ్మ మారిపోయింది.

"ఇక్కడ పెట్టుకో ముత్తక్కా," అని హైమ ఆ చెయ్యి తీసి పై వరుస మీద పెట్టింది. "ఈ మీటలతో ఏమీ కాదు. పడినా పరవాలేదు."

అప్పటినుంచి ముత్తక్క చెయ్యి అక్కడే ఉండేది.

ఎండాకాలం చివర సంస్థనుంచి కబురు వచ్చింది. దవాఖానా మూసేస్తున్నారు. సామాను అంతా వెనక్కి పంపాలి. ల్యాప్‌టాప్‌ను భద్రాచలంలో జీపుకు అందించాలి. హైమ మీటల మధ్య దుమ్ము చూసి, ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఉండాలని తడిగుడ్డతో అంతా తుడిచింది. దుమ్ములో తెల్లటి పొడి ఉంది. గుడ్డకు కొంత అంటింది, కొంత లోపలికి జారింది.

మర్నాడు స్విచ్ వేస్తే విండోస్ రాలేదు. నీలం తెర వచ్చింది. తారీకు, టైము, డిస్కు పేరు వరుసగా ఉన్నాయి. అది సెటప్ తెర, యంత్రం అమరికలు మార్చేది. బయటికి వెళ్లు అని నొక్కితే యంత్రం మళ్లీ మొదలై మళ్లీ అక్కడికే వచ్చింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

జీపు వచ్చే రోజున హైమ ముత్తక్కను వెంటబెట్టుకుని మొదటి బస్సుకే భద్రాచలం వచ్చింది. సంచిలో ల్యాప్‌టాప్, ఒక టేప్‌రికార్డరు, కొత్త క్యాసెట్టు ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఒక్కసారి మొదలైతే చాలు. దాని పక్కన టేప్ పెట్టి ఆ నిమిషాన్ని ఎక్కించుకోవచ్చు. ముత్తక్క ఇంట్లో ఉంచుకోవచ్చు.

బస్‌స్టాండు వెనక రాందాస్ టీవీలు బాగుచేసేవాడు. కంప్యూటర్లు కూడా కొద్దిగా చూసేవాడు. ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

"ఏందిది మేడం, తలుపు తీస్తే ఇంట్లకు పోకుండ గడపల్నే కూసుంటుంది," అన్నాడు తెర చూసి.

"మూడు గంటలకల్లా జీపొస్తుంది రాందాస్."

"వస్తే రానియ్యండి. చాయ్ తాగి పోతరు."

తారీకు చూశాడు. కొన్నేళ్లు వెనక్కి వెళ్లి, జనవరి ఒకటి అని ఉంది. సరిచేసి, భద్రపరచు అని నొక్కాడు. కరెంటు తీసి మళ్లీ పెడితే మళ్లీ జనవరి ఒకటే.

"యాది పెట్టుకునే బ్యాటరీ సచ్చింది. చిన్న బిళ్లంత ఉంటది. అది లేకుంటే రోజూ పుట్టినట్టే దీనికి."

ముత్తక్క తెర వైపు చూసింది. "ఏమంటుండు?"

"తారీకు మర్చిపోయిందంట," అన్నది హైమ.

"పిల్లనూ?"

"లేదు లేదు. పిల్ల వేరే చోట ఉంది. డిస్కులో."

రాందాస్ స్క్రూలు తీశాడు. లోపల వైర్లతో అతికించిన బ్యాటరీ తీసేసి, తన దగ్గరున్న బిళ్లను అతికించాడు. తారీకు పెట్టి, కరెంటు తీసి మళ్లీ పెట్టాడు. ఈసారి తారీకు నిలిచింది. కానీ నిలిచిన తారీకుతో అదే నీలం తెర వచ్చింది.

"ఇది కాదన్నట్టు," అన్నాడు రాందాస్.

తరువాత బూట్ వరుస చూశాడు. యంత్రం లేవగానే దేనిలో వెతకాలో అక్కడ రాసి ఉంటుంది. ముందు ఫ్లాపీ, తరువాత డిస్కు. డిస్కును ముందుకు తెచ్చాడు. డిస్కు పేరు, సైజు సరిగ్గానే కనిపిస్తున్నాయి. భద్రపరిచాడు. మళ్లీ నీలం తెర.

"మేడం, ఇది డిస్కు దాకా పోతనే లేదు. ఎవరో దాన్ని ఈడికే పిలుస్తున్నరు."

"ఎవరూ పిలవట్లేదయ్యా. నేను ముట్టుకోలేదు."

నీలం తెరకు ముందు ఒక నల్ల తెర వచ్చి వెంటనే పోతుంది. అందులో ఏదో లైను మెరుస్తుంది. రాందాస్ స్విచ్ వేసి, ఆ లైను మెరవగానే పాజ్ మీట నొక్కాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి తెర ఆగింది. ఇంగ్లీషులో, మీట ఇరుక్కుంది, 3C అని ఉంది.

"3C అంటే ఏ మీట?" అన్నది హైమ.

"నాకేం ఎరుక. గా నంబర్ల పుస్తకం నా కాడ లేదు."

అతను వేలితో ఒక్కొక్క మీటా నొక్కి చూడసాగాడు. అక్షరాలు టక్కున కిందికి పోయి టక్కున లేచాయి. అంకెలూ అంతే. పై వరుసలో రెండో మీట కిందికి పోయి లేవలేదు. అది ముందునుంచే సగం దిగి ఉంది. కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది.

"ఎఫ్ టూ," అన్నాడు. "సెటప్ తీసే మీటే ఇది. లేస్తలేదు. స్విచ్ ఎయ్యంగనే ఎవరో ఇది నొక్కిండ్రనుకుంటుంది. పాపం దాని తప్పేం లేదు."

సన్నని స్క్రూడ్రైవరుతో మీట పైతొడుగు లేపాడు. కింద తెల్లగా, మెత్తగా, ఉబ్బిన ముద్ద ఉంది. కప్ప గుడ్లలా మెరుస్తోంది.

"జెల్లీ పోసిండ్రా ఏంది ఇండ్ల?"

ముత్తక్క వంగి చూసింది. వేలి కొన కొంచెం ముట్టి, రెండు వేళ్ల మధ్య నలిపింది.

"తపసి బంక," అన్నది.

తరువాత తన చేతులు చూసుకుంది. గోళ్ల అంచుల్లో, వేళ్ల గీతల్లో బంక పొడి తెల్లగా ఉంది. ఆమె చేతులు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

"నా చేతిదే గదమ్మా."

"కాదు ముత్తక్కా. నేను నీళ్లతో తుడిచాను. పొడిగా ఉన్నన్నాళ్లూ ఏమీ కాలేదు."

"నీళ్లు తగిల్తే ఉబ్బుతది. అంతకంత అయితది."

"నాకు తెలియదు."

ముత్తక్క చేతులు చీర కొంగులో పెట్టుకుంది.

రాందాస్ చిన్న పట్టకారుతో ముద్దను కొంచెం కొంచెం తీశాడు. పైది వచ్చింది. కిందది రబ్బరు బొడిపె చుట్టూ సందుల్లోకి దిగి ఉంది. స్పిరిట్ వేశాడు. బంక కరగలేదు. ఎండితే గోటితో రాలుతుందని ముత్తక్క చెప్పింది. టేబుల్ లైటు దగ్గరగా వంచి పెట్టాడు. ముగ్గురూ దాని ముందు కూర్చున్నారు. బంక ఎండడం కంటికి కనిపించదు.

కాసేపటికి రాందాస్ ఆగలేకపోయాడు. కీబోర్డు నుంచి లోపలికి పోయే పట్టీ వైరు ఊడదీశాడు. ఇప్పుడు ఇరుక్కున్న మీట లేనట్టే. స్విచ్ వేశాడు. నీలం తెర రాలేదు. హైమ లేచి నిలబడింది. నల్ల తెర మీద కీబోర్డు లేదు అని వచ్చింది. దాని కింద, ముందుకు పోవడానికి ఎఫ్ వన్ నొక్కండి అని ఉంది.

రాందాస్ నవ్వాడు. నవ్వు మధ్యలో ముత్తక్క మొహం చూసి ఆపేశాడు.

"బయటి కీబోర్డు పెడితే?" అన్నది హైమ.

అతను పక్క వీధిలో పెళ్లిపత్రికలు టైపు చేసే షాపుకు పరుగెత్తి కీబోర్డు తెచ్చాడు. దాని ప్లగ్గు లావు. ల్యాప్‌టాప్ వెనక ఉన్న రంధ్రం చిన్నది. నడుమ పెట్టే ముక్క ఒకటి ఉంటుంది, అది ఖమ్మంలో దొరుకుతుంది. ప్లగ్గును రంధ్రం దగ్గర పట్టుకుని అతను అలాగే కొంతసేపు నిలబడ్డాడు.

పట్టీ వైరు మళ్లీ తగిలించాడు. లైటు వేడికి బంక పైన పొర కట్టింది. లోపల ఇంకా మెత్తగానే ఉంది.

జీపు వచ్చింది. అందులో సంస్థ మేనేజరు వెంకటరామారావు ఉన్నాడు. మంచివాడే. విషయం విని బల్ల మీద కూర్చున్నాడు, రాందాస్ చెప్పినట్టే చాయ్ తాగాడు.

"ఇంకెంత సేపు బాబూ?"

"ఎండాలె సార్. రేపటికైతే అయితది."

"రేపు నేను హైదరాబాదులో ఉండాలి. ఇంకా రెండు సెంటర్ల సామాను తీసుకోవాలి."

"సర్," అన్నది హైమ, "అక్కడ బాగుచేశాక లోపలున్నది తీసేస్తారా?"

"తీసేసే ఇస్తారు కదమ్మా, కొత్త వాళ్లకు."

"ఒక్క ఫైలు. సుక్కి అని పేరు పెట్టాను."

"చెప్తాను. గుర్తుంటే తప్పకుండా చెప్తాను."

మాట ఇచ్చినట్టే చెప్పాడు. జేబులో పెన్ను కోసం వెతికి, కనిపించక, వేలితో గాలిలో ఆ పేరు రాసుకున్నాడు. రాందాస్ మీట తొడుగును పొట్లం కట్టి ల్యాప్‌టాప్‌తోపాటు ఇచ్చాడు.

జీపు ఎక్కించే ముందు హైమ ల్యాప్‌టాప్‌ను ముత్తక్క ముందు పట్టుకుంది. ముత్తక్క ముట్టుకోలేదు. చేతులు కొంగులోనే ఉన్నాయి.

తిరుగు బస్సులో జనం తక్కువ. దుమ్ముగూడెం దాటాక అడవి దగ్గరికి వచ్చింది. హైమ ఒళ్లో సంచి తేలికగా ఉంది. అందులో టేప్‌రికార్డరు, విప్పని క్యాసెట్టు ఉన్నాయి.

"అమ్మా," అన్నది ముత్తక్క.

"ఏంది ముత్తక్కా?"

"నువ్వు అడిగినవి నీకు యాదికున్నయా? దాన్ని అడిగినవి."

"ఉన్నాయి."

"అడుగు."

హైమ రికార్డులో అడిగినంత గట్టిగానే అడిగింది.

"నీళ్లు?"

ముత్తక్క కిటికీలోనుంచి బయటికి చూస్తోంది. సుక్కి "ఏరు" అనడానికి పట్టినంత సేపు హైమ ఆగింది.

"తల?"

ఆగింది.

"కన్ను?"

దారిలో పోలీసులు బస్సు ఆపి, ఎక్కి చూసి దిగిపోయారు. బస్సు మళ్లీ కదిలింది.

"కడుపు?"

ఆగింది. ఇంక వణుకు ఒకటే ఉంది. హైమ అది అడగలేకపోయింది.

ముత్తక్క కొంగులోనుంచి చెయ్యి తీసి ముందు సీటు ఇనుప కడ్డీ మీద పెట్టింది. రోడ్డు బాగోలేదు. కడ్డీ అదురుతోంది. చర్ల వచ్చేదాకా ఆమె ఆ చెయ్యి తీయలేదు.