ఆటలు హరీష్ పేరున

మా వర్షిణి మొండిఘటం. నంద్యాలలో మా డిగ్రీ కాలేజీ గేమ్స్ క్లబ్బుకు సెక్రటరీ అయిన మొదటి ఆడపిల్ల. ఊళ్లో గేమింగ్ షాపులు ఉన్నాయి కానీ, మేం అడుగుపెడితే మగపిల్లలు ఆట మానేసి మమ్మల్నే చూస్తారు. అందుకే క్లబ్బు గదిలోనే టీవీకి తగిలించి ఆటలాడే కన్సోల్ పెట్టుకుందామని ఆమె మీటింగులో లెక్కల కాగితం చదివింది. ఇరవై రెండు మందిమి, తలా మూడు వేలు. కన్సోల్ యాభై ఐదు వేలు, రెండో కంట్రోలర్ ఆరు వేలు, మిగిలిన ఐదు వేలకు పాత ఆటల డిస్కులు రెండు. ఆడేశాక వాటిని అమ్మి వేరేవి తెచ్చుకోవచ్చు. మాలో ఆడపిల్లలం తొమ్మిది మందిమి. నా వాటా ట్యూషన్లు చెప్పి సంపాదించింది.

అంతా బాగానే ఉంది, ఫైనలియర్ హరీష్ లేచేదాకా. ఆళ్లగడ్డలో వాళ్లకు కిరాణా అంగడి ఉంది. బేరమాడకుండా ఉప్పు ప్యాకెట్ కూడా కొనడు.

“డిస్కు పెట్టే సందుకు ఐదు వేలా? అది లేనిది యాభైకే వస్తాది. ఆటలు నెట్లో కొందాం. నా కార్డుతో కడతా.”

“అప్పుడు పాత ఆటలు కొనేదానికి కాదన్నా,” అంది వర్షిణి.

“ఏందమ్మా, దుడ్లు మిగులుతాంటే వద్దంటావా?”

చేతులన్నీ అతని వైపే లేచాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా చెయ్యి కూడా.

మిగిలిందన్న డబ్బంతా రెండు కొత్త ఆటలకే అయిపోయింది. కార్డు అతనిది కాబట్టి ఆటలు కొనే అకౌంటు కూడా అతని మెయిల్‌తోనే తెరిచాం. బిల్లు ఎవరి పేరున ఉన్నా, డబ్బు పెట్టినవాళ్లదే సరుకు అనుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం. ఒక్కరికీ అనుమానం రాలేదు.

నాలుగు నెలలు హాయిగా ఆడాం. బుధవారాలు ఆడపిల్లలవి. పరీక్షలు రాసి హరీష్ వెళ్లిపోయాడు. సెలవుల తర్వాత గది తెరిస్తే రెండు ఆటల మీదా తాళం గుర్తు! హరీష్ ఇంట్లో కొత్త కన్సోల్ కొనుక్కుని, తన అకౌంటులోని ఆటలు అందరూ ఆడుకునే అనుమతిని దానికి మార్చుకున్నాడు. ఆ అనుమతి ఒక్క కన్సోల్‌కే ఉంటుంది.

వర్షిణీ నేనూ బస్సెక్కి ఆళ్లగడ్డలో వాళ్ల అంగడికి పోయాం.

“అన్నా, అనుమతి మాదానికే పెట్టు. నీ మెయిల్‌తో నువ్వు యాడైనా ఆడుకోవచ్చు గదా,” అంది వర్షిణి.

“మా తమ్ముడు వాని పేరుతో ఆడతాండాడు. తీసేస్తే ఆట తెరుచుకోదు, ఏడుస్తాడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడు ఏడుస్తాడట!

“అకౌంటు మావాని పేరునే ఉండాది గదమ్మా,” అన్నాడు వాళ్ల నాయన, తలెత్తకుండానే.

హరీష్ గల్లాలోంచి మూడు వేలు తీసి వర్షిణి ముందు పెట్టాడు. “నీది నువ్వు తీసుకో. మిగతావాళ్లకు చెప్పొద్దు.”

“మిగతా అందరికీ ఇస్తావా?”

అతను పొట్లం కట్టడంలో పడిపోయాడు. ఆమె నోట్లు ముట్టుకోకుండా బయటికొచ్చింది.

తిరుగు బస్సు సిరివెళ్ల దాటాక అడిగింది. “బుధవారం ఆడపిల్లలొస్తారే. ఏం చెప్పేది?”

బుధవారం నేను కాలేజీకే పోలేదు. ఆ రోజు గది ముందు నిలబడి, తప్పంతా తనదేనని ఆమె ఒక్కతే చెప్పిందట.