పేరు లేని రెండు టీములు

ఆ ఫొటో వచ్చేసరికి గోంగూర ఆకులు తుంచుతున్నాను. చేతులు తుడుచుకునే ఓపిక కూడా లేక, తడి వేళ్లతోనే ఫోను తెరిచాను. మా బిల్డింగులోనే రెండంతస్తుల పైన ఉండే అమ్మాయి పంపింది. నా దగ్గర లెక్కల ట్యూషన్ చెప్పించుకునేది. బళ్లో దిద్ది ఇచ్చిన రీటెస్టు పేపరది. వంకరగా తీసింది, నడిమధ్యలో ట్యూబులైటు వెలుగు, మూలన తన బొటనవేలు. పైన ఎర్ర సిరాతో సున్నా చుట్టి 12. పాసు కావాలంటే 13. కింద ఒకే మాట: "ఆంటీ, ఒక్క మార్కు."

అది కరోనా ఏడాది. షార్జా బళ్లు సగం తెర మీద, సగం తరగతిలో నడిచేవి. ఆ అమ్మాయి పదకొండో తరగతి. ఈ రీటెస్టు కూడా పోతే పన్నెండులో లెక్కలు ఉండవని బడివాళ్లు ముందే చెప్పేశారు. తనకేమో ఆర్కిటెక్టు కావాలని ఆశ. చేతికి కాగితం దొరికితే ఎదురు బిల్డింగు కిటికీలు గీసేది. లెక్కలు పోతే ఆ ఆశ కూడా పోయినట్టే. వాళ్లమ్మ నర్సు, ఆ రోజుల్లో ఇంట్లో కనబడేదే కాదు. వాళ్ల నాన్న దుబాయ్ అవతల జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. కంపెనీ బస్సు ఎప్పుడు దింపితే అప్పుడే ఇల్లు.

అభ్యంతరం ఏమైనా ఉంటే మర్నాడు సాయంత్రం వీడియో కాల్‌లో చెప్పుకోవచ్చన్నారు. నాకు అసలే నిలకడ తక్కువ. "కిందికి రా" అని మెసేజి పెట్టి, తను వచ్చేలోపే ఫొటో పెద్దది చేసి వెతకడం మొదలుపెట్టాను.

ఏడో ప్రశ్న దగ్గర ఆగాను. ఎనిమిది మంది పిల్లల్ని నలుగురేసి రెండు టీములుగా చేసి ఒకరితో ఒకరిని ఆడించాలి, ఎన్ని రకాలుగా చేయొచ్చు? అమ్మాయి 35 అని రాసింది. దాన్ని కొట్టేసి పక్కన 70 అని దిద్దారు. ట్యూబులైటు వెలుగు పడింది సరిగ్గా ఆ ప్రశ్న మీదే. టీములకు పేర్లున్నాయో లేదో కనబడి చావదు. ఎర్ర టీము, నీలం టీము అని ఉంటే 70 కరెక్టే, నోరు మూసుకోవాలి. లేకపోతే 35.

అమ్మాయి రాగానే కిటికీ దగ్గర నిలబెట్టి ఇంకో ఫొటో తీయించాను. పేర్లు లేవు.

"చూడు తల్లీ," అన్నాను, "ఎనిమిదిలో నలుగురిని ఎంచడం 70 రకాలు. నువ్వు ఈ నలుగురిని ఎంచినా, మిగిలిన నలుగురిని ఎంచినా జరిగేది అదే ఆట. ప్రతి ఆటనీ రెండేసి సార్లు లెక్కేశారు వాళ్లు."

"నేనూ గట్లనే సగం చేసిన ఆంటీ."

ఆ ప్రశ్నకు మూడు మార్కులు! 12కు 3 కలిపితే 15. నాకు కూర్చోబుద్ధి కాలేదు. హాల్లోకి, వంటింట్లోకి తిరుగుతూ మిగతా పేపరు కూడా చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఎనిమిదో ప్రశ్న. ఎనిమిది మందిలోంచి ఒక లీడరు, ఒక సెక్రటరీ, ఒక ట్రెజరర్‌ను ఎంచాలి. అమ్మాయి 56 అని రాసింది. ఎర్ర టిక్కు, మూడుకు మూడు.

నేను ట్యూషన్లో ఎప్పుడూ ఒకటే మొత్తుకుంటాను. ఫార్ములా ముట్టుకునే ముందు ఇద్దరిని అటూ ఇటూ మార్చి చూడండి. ఫలితం మారితే వరస లెక్కలోకి వస్తుంది, మారకపోతే రాదు. "ఎంచాలి" అన్న మాట చూసి మోసపోవద్దు. నేనేమీ అనకముందే అమ్మాయి కళ్లు ఆ లైను మీద ఆగాయి.

"లీడర్ని తీస్కపోయి సెక్రటరీ చేస్తే..." గొంతు తగ్గింది. "మారుతది. ముగ్గుర్ని ఎంచి ఊకున్న ఆంటీ. పదవులు పంచలే."

ఎనిమిది, ఏడు, ఆరు, మూడూ గుణిస్తే 336. జవాబుల కీ రాసినవాళ్లు రెండు ప్రశ్నల్లోనూ ఎంపిక చూసి ఊరుకున్నారు, వరస సంగతి పట్టించుకోలేదు. ఒక తప్పు మా నెత్తిన పడింది, ఇంకో తప్పు మమ్మల్ని కాపాడింది. రెండూ బయటపెడితే మూడు వచ్చి మూడు పోతాయి. మళ్లీ పన్నెండే.

"రేపు మనం అడిగేది ఏడోది," అన్నాను. "ఎనిమిదోది మనల్ని ఎవరూ అడగలేదు."

"336 రాసినోళ్లకు తప్పు కొట్టుంటరు గదా?"

"కొట్టి ఉంటారు. వాళ్లకీ నోళ్లున్నాయి."

ఆ పిల్ల పేపరు మడిచి పట్టుకుని పైకి వెళ్లిపోయింది. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి చెబితే ఆయనదీ నా మాటే. "ఒక్కటే అడగమనుండ్రి మేడం. చేతికొచ్చింది పోగొట్టుకుంటరా ఎవరన్న?"

మర్నాడు వాళ్లింట్లో కెమెరాకు కనబడకుండా కూర్చున్నాను. పిల్లలే మాట్లాడాలి, పక్కనుంచి అందించకూడదు అని షరతు. వాళ్ల నాన్న కంపెనీ బస్సులోంచే నా ఫోను స్పీకరులో కలిశాడు. వెనకాల ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నారు. నేను ఏసీ తగ్గించాను, మళ్లీ పెంచాను. నీళ్ల సీసా మూత తిప్పుతూనే ఉన్నాను.

అమ్మాయి తెల్లకాగితం మీద ఎనిమిది మందికి బదులు నలుగురినే తీసుకుంది. వాళ్లను ఇద్దరేసి విడదీస్తే ఎన్ని ఆటలో తెర మీది లెక్కల మిస్సుకు రాసి చూపించింది. మూడే వచ్చాయి. కీ చేసినట్టు చేస్తే ఆరు రావాలి. మిస్సు ఒక్క నిమిషం చూసి, నిజమే, మూడు మార్కులు ఇస్తానంది. నేను చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను.

ఇంకేమైనా ఉందా అని అడిగింది మిస్సు. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. అమ్మాయి నన్ను చూసింది. తర్వాత తెర వైపు తిరిగి ఎనిమిదో ప్రశ్నలో తన తప్పు చెప్పేసింది.

"ఏయ్ బిడ్డా!" అని ఫోనులో కేక, అంతలోనే లైను కట్టయింది. కీ చూసి వస్తానని మిస్సు కెమెరా ఆపేసింది.

"కొంప ముంచావు కదే," అన్నాను. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది నాకు. ఆ తెర నల్లగా ఉన్నంతసేపూ హాలు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. ఆ పిల్ల కాగితం మూలన కిటికీలు గీస్తూ కూర్చుంది. నేనైతే ఈరోజుకీ నోరు విప్పను.

మిస్సు తిరిగొచ్చింది. ముగ్గురిని ఎంచడం మొదటి మెట్టు, అది సరిగ్గా చేశావు కాబట్టి ఒక మార్కు ఉంటుంది, పదవులు పంచలేదు కాబట్టి రెండు పోతాయి అంది. ఆ ప్రశ్నకు అందరి పేపర్లూ మళ్లీ దిద్దుతానంది. 12కు 3 కలిపి 2 తీసేసి మొత్తం చదివింది. నేను సోఫాలో కూలబడ్డాను.

ఫోను మళ్లీ మోగింది. బస్సు చప్పుడులోంచి ఆయన గొంతు.

"ఎంతొచ్చినయ్? పాసా?"

"పాసే డాడీ. పదమూడు."

"నోర్మూసుకుంటే పదిహేనొచ్చేటివి గదనే!"

"ఆ రెండు నావి కావు డాడీ," అంది పెన్సిలు కింద పెట్టి. "పదమూడూ నావే."