తీగల కింది ఎర్ర గీత

నాకు కోపం ఎక్కువ. ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ. నేను చేసిన మ్యాపులో తప్పుందని ఎవరైనా అంటే ముందు వాళ్ల కళ్లద్దాల నంబరు అడిగేదాన్ని. అందుకే ఆ సోమవారం సంగతి చెప్పాలంటే ఇప్పటికీ గొంతు సవరించుకోవాల్సి వస్తుంది.

అటవీ హక్కుల చట్టం అమలుకొచ్చిన కొత్త అది. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఒక అటవీశాఖ రేంజి ఆఫీసులో కాంట్రాక్టు మీద మ్యాపులు చేసేదాన్ని. రెండువేల అయిదు డిసెంబరుకి ముందు నుంచీ సాగులో ఉన్న పోడు చేనుకే పట్టా. ఆ తర్వాత అడవి కొట్టి దున్నితే లేదు. ఎవరిది ముందుదో, ఎవరిది తర్వాతదో చూసేందుకు నాకు రెండు ఉపగ్రహ చిత్రాలు ఇచ్చారు. ఒకటి గడువు నాటిది, ఇంకోటి మూడేళ్ల తర్వాతది. రెండూ డిసెంబరు నెలవే.

ఉపగ్రహ చిత్రమంటే గళ్ల నోటుబుక్కు కాగితమే. ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఆ అంకెల నుంచి ఏ గడిలో ఎంత పచ్చదనం ఉందో లెక్క కడతాం. కొత్త కాగితంలోని అంకెలోంచి పాత కాగితంలోని అంకె తీసేస్తే, తగ్గినచోట అడవి పోయినట్టు, పెరిగినచోట చెట్టు వచ్చినట్టు. తగ్గినదానికి ఎరుపు వేశాను, పెరిగినదానికి ఆకుపచ్చ. రేంజర్ సారు అడిగింది పోయిన అడవి గురించే కాబట్టి ఆకుపచ్చని ఆపేసి ఎరుపొక్కటే ఉంచాను.

ఇక్కడొక చిక్కుంది. పాత చిత్రంలో ఒక గడి నేల మీద ఇరవైనాలుగు మీటర్లు. కొత్తది మెరుగైన కెమెరాది, దాని గడి ఆరు మీటర్లే. కొత్తదాంట్లో నాలుగు నాలుగులు పదహారు గడుల సగటు తీసి ఒక పెద్ద గడి చేశాను. అయినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. రెండింటి కొలతలూ కలవడం లేదని గోల. కొత్తది వెడల్పులో నాలుగు గడులు ఎక్కువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, చర్చి కూడా ఎగ్గొట్టి ఒక్కదాన్నీ ఆ గదిలో కూర్చున్నాను. విసుగొచ్చి కుడి పక్కన ఎక్కువైన గడులు కత్తిరించి పారేశాను. నిలువులూ అడ్డాలూ సమానమయ్యాయి, సాఫ్ట్‌వేర్ నోరు మూసింది, తీసివేత అయిపోయింది. ఇంటికొచ్చాక మా అమ్మ, "ప్రార్థన మానేసి చేసిన పని పాడైతదే" అంది. నేను అన్నం కలుపుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఆ ఎరుపు మీద పోడు చేల సరిహద్దులు పరిచాను. అవి జీపీఎస్ పట్టుకుని గట్ల వెంట నడిచి కొలుచుకొచ్చినవి. పదకొండు చేలు ఎర్రగా తేలాయి. పదకొండు పేర్లు, "గడువు తర్వాత నరికినది" అని రాసి, రేంజర్ సారు చేత సంతకం పెట్టించాను. నాలుగింటికి జీపు కదులుతుంది, భద్రాచలంలో పట్టాలు తేల్చే కమిటీ ముందు ఆ లిస్టు పెడతారు. ఆ లిస్టులో పేరుంటే పట్టా లేనట్టే, మళ్లీ అప్పీలు, తిరుగుడు. బస్సు కిరాయికే తడుముకునేవాళ్లు అప్పీలుకి ఎక్కడ తిరుగుతారు?

ఒంటిగంటకి ఒక పెద్దమ్మ వచ్చింది. అడవి లోపలి గూడెం నుంచి ఎనిమిది మైళ్లు నడిచి వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా దుమ్ము. పొద్దున వైర్‌లెస్‌లో పేర్లు విన్న గూడెం గార్డు చెబితే తెలిసిందట.

"బిడ్డా, నా చేను కొత్తగ కొట్టిందని రాసిన్రంట. ఏడున్నది నా చేను? సూపియ్యి."

చూపించాను. రెండెకరాలు, సన్నగా పొడుగ్గా ఉన్న చెక్క. తూర్పునా పడమరా అడవే. గళ్ల లెక్కలో వెడల్పు మూడు, పొడుగు అయిదు. పదిహేను గడులూ ఎర్రగానే ఉన్నాయి.

"గీ ఎరుపు ఏంది?"

"మూడేండ్ల సంది అడవి పోయిన చోటు, పెద్దమ్మా."

ఆమె తెర దగ్గరికి వంగింది. చేనుకి కొంత దూరంలో ఉత్తరం నుంచి దక్షిణానికి అడవిని చీల్చుకుంటూ పోయే పొడుగాటి ఎర్ర గీత మీద వేలు పెట్టింది.

"మరి గిది?"

"పెద్ద కరెంటు లైను. టవర్లు లేవా, వాటి కింద."

"అదిగూడ మూడేండ్ల సంది పోయిందేనా?"

పొద్దున ఆ గీత నాకూ కనిపించింది. కనిపించగానే ఒక జవాబు తయారు చేసుకున్నాను. అదే చెప్పాను. "తీగలకు తగులుతయని కొమ్మలు నరికి ఉంటరు."

ఆమె నవ్వింది. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "ఆ తీగలేసేనాడు నా పెద్దకొడుకు కడుపుల ఉండె. వానికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ తీగల కింద మల్ల అడవెప్పుడు మొలిచింది బిడ్డా, మల్ల నరకనీకి?"

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నదాన్ని, ఈవిడ నాకు చెప్పేదేమిటని. అది దాచిపెట్టి లాభం లేదు, మొదట వచ్చింది కోపమే. ఆమె మీద గెలుద్దామనే, ఆపేసిన ఆకుపచ్చని మళ్లీ వెలిగించాను.

ఎర్ర గీత పక్కన, తూర్పు వైపు, అంతే పొడుగున ఒక పచ్చ గీత వచ్చి నిలబడింది. పెద్దమ్మ చేను ఎర్రగా ఉంటే, దాని తూర్పు గట్టు అవతల అంతే ఆకారంలో పచ్చటి చెక్క. దాదాపు ప్రతి చేనుకీ అంతే. పడమర ఎరుపు, తూర్పు పచ్చ. అడవి ఎక్కడైనా అలా నడుస్తుందా? కదిలింది అడవి కాదు, నా కాగితాలు.

రెండు చిత్రాల మూలల అంకెలు తెరిచాను. ఆదివారం తెరవాల్సినవి. పై అంచు అదృష్టం కొద్దీ రెండింటికీ ఒకటే. ఎడమ అంచు మాత్రం పాతదానికంటే కొత్తది డెబ్బై ఎనిమిది మీటర్లు తూర్పున మొదలవుతోంది. నేను కుడి పక్కన కత్తిరించి రెండూ సమానం అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ మొదటి గడిలోంచి మొదటి గడి, రెండో గడిలోంచి రెండో గడి తీసేసుకుంటూ పోయింది. ఆ గడులు నేల మీద ఒకే చోటివా అని అది అడగలేదు, నేనూ అడగలేదు. వచ్చిన జవాబుని కొత్త చిత్రం కొలతల మీద పరిచింది. అంటే ఈ చేని ఈనాటి పచ్చదనంలోంచి, పడమరన డెబ్బై ఎనిమిది మీటర్ల అవతలి అడవి ఆనాటి పచ్చదనాన్ని తీసేశానన్నమాట. ఎర్రబడక ఏమవుతుంది?

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. విశాలమైన చేలకి పడమటి అంచు మాత్రమే ఎర్రబడింది, అది చిన్న తేడా అని నేనే వదిలేశాను. డెబ్బై మీటర్ల వెడల్పున్న చెక్కలే నిండా ఎర్రబడ్డాయి. పదెకరాలవాడు బయటపడ్డాడు, రెండెకరాలవాళ్లు దొంగలయ్యారు.

సారు గదికి వెళ్లేసరికి ఆయన భోజనం ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు.

"సార్, లిస్టు ఆపాలె. తప్పు పడ్డది."

"ఏందమ్మా? పొద్దుగాల సంతకం పెట్టించుకున్నది నువ్వే కద?"

"నేనే సార్. తప్పు నాదే."

ఆయన తువ్వాలు కుర్చీ మీద వేశాడు. "నాలుగింటికి జీపు కదులుతది. అప్పటికి కొత్తది ఇస్తే చూస్త. ఇయ్యకపోతే ఇదే పోతది. కమిటీకి ఉత్త చేతుల్తోని పోలేను."

గడియారం ఒకటి నలభై చూపిస్తోంది. పెద్దమ్మ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది.

డెబ్బై ఎనిమిదంటే మూడు పెద్ద గడులు, పైన పావు. మూడు గడులు జరిపితే సరిపోదు, ఆ పావు ఉండిపోతుంది. చేసిన సగటు పారేసి, ఆరు మీటర్ల గడుల నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. పాత చిత్రం గీతలే ఆధారమనుకున్నాను. కొత్తదాని ఎడమ అంచున మూడు చిన్న నిలువు వరుసలు వదిలేసి, పాతదాని ఎడమ అంచున నాలుగు పెద్ద వరుసలు వదిలేస్తే రెండూ ఒకే గీత మీద మొదలవుతాయి. కాగితం మీద రెండుసార్లు కూడాను. మూడు ఆర్లు పద్దెనిమిది, దానికి డెబ్బై ఎనిమిది కలిపితే తొంభై ఆరు, నాలుగు ఇరవైనాలుగులూ తొంభై ఆరు. అక్కణ్ణుంచి పదహారేసి గడుల సగటు. కుడి పక్కనా కిందా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న నేల వరకే ఉంచి మిగతాది కత్తిరించాలి.

రెండున్నరకి కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. సగటు లెక్క అరవై శాతం దగ్గర ఉంది. యూపీఎస్‌కి ఇరవై నిమిషాల ప్రాణం, అదీ బ్యాటరీ మంచిదైతే. ఆదివారం ఎగ్గొట్టిన ప్రార్థన అప్పుడు చేశాను. మొదటి వాక్యం దాటి గుర్తురాలేదు. ఎనభై దగ్గర ఆగింది. చచ్చిందనుకున్నాను. తొంభై. అది ముగిసి ఫైలు డిస్కు మీద పడ్డ రెండు నిమిషాలకి తెర ఆరిపోయింది.

మూడుంబావుకి కరెంటు వచ్చింది. ఈసారి తీసివేతకి ముందు నాలుగు మూలల అంకెలూ పక్కపక్కన రాసుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాను. రోడ్డు మీది వంతెన రెండు చిత్రాల్లోనూ ఒకే చోట ఉందో లేదో చూశాను. ఉంది. అప్పుడు బటన్ నొక్కాను.

సారు నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. "ఇది కరెక్టని ఏంది గ్యారంటీ? పొద్దుగాల గూడ గట్లనే చెప్పినవ్."

"కరెంటు లైను సూడుండ్రి సార్."

"ఏడుంది? కనిపిస్తలేదు."

"అదే సార్. అది మారలే. మారనిది ఇందుల కనిపియ్యొద్దు."

ఎర్ర గీతా లేదు, పచ్చ గీతా లేదు. గట్ల వెంట అక్కడక్కడా ఒక్కో గడి మిణుకుమంటోంది, అలాంటి ఒంటి గడుల్ని లెక్కలోకి తీసుకోకూడదని ఆయనకి చెప్పాను. పదకొండులో తొమ్మిది చేలు ఏ రంగూ లేకుండా ఉన్నాయి. పెద్దమ్మది వాటిలో ఒకటి. రెండు మాత్రం ఎర్రగానే మిగిలాయి, వాటికి తూర్పున పచ్చ జాడ లేదు. అవి నిజంగానే కొత్తవి. వాటిని చెరపమని నేను అడగలేదు.

సారు తొమ్మిది పేర్లు కొట్టేసి, ప్రతి కొట్టివేత పక్కనా పొట్టి సంతకం పెట్టాడు. "కాంట్రాక్టు రెన్యూవల్‌కు వస్తది కద, అప్పుడు మాట్లాడుకుందాం" అని జీపెక్కాడు. అది బెదిరింపో కాదో ఇప్పటికీ తెలీదు.

వరండాలోకి వెళ్లి పెద్దమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"నీ చేను నీదే పెద్దమ్మా. ఆ లిస్టుల నీ పేరు కొట్టేసిన్రు. నీది పాత చేనే అని ఇప్పుడు తేలింది."

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ కడుపు సల్లగుండ. ఇంత మంచిదానివి, మరి మొదాల గట్ల రాసింది ఎవరు బిడ్డా?"

జీపు పోయిన దుమ్ము ఇంకా దిగలేదు. ఆఫీసువాళ్లు, పైవాళ్లు, మిషన్ అని చెప్పడానికి మాటలు చాలానే ఉన్నాయి.

"నేనే పెద్దమ్మా."

ఎత్తిన చేతులు అలాగే ఒళ్లోకి దించుకుంది. చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది, రెండడుగులు వేసి ఆగింది.

"సరె, నేను ఇయ్యాల నడిచొస్తి," అంది. "రాకపోతే?"

ఎనిమిది మైళ్లు మళ్లీ నడవాలి కాబట్టి జవాబు కోసం ఆగలేదు.