నాలుగు పాళ్ళకి ఒక పాలు

ఆమెని అందరూ తొట్ల అక్క అనేవారు. నీళ్ళ తొట్ల లోపలి గోడలకి రంగు వెయ్యడం ఆమె పని. బయటి గోడలకి రంగు వేసేవాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. తొట్టిలోకి దిగి, మోకాళ్ళ మీద జరుగుతూ, మూలమూలకీ బ్రష్షు పోనిచ్చేవాళ్ళు తక్కువ. నిజానికి ఆ పని ఆమె అన్నయ్యది. ఒకసారి ఎవరి మేడ మీదో తొట్టి మూత కంతలోంచి దిగబోతూ అతను నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. అన్నం క్యారేజీ పట్టుకెళ్ళిన చెల్లెలు నవ్వు ఆపుకోలేక, "నువ్వు పైకి రా, నేను దిగుతా" అంది. అప్పుడు దిగిన మనిషి ఇరవై ఏళ్ళయినా ఆ పని వదల్లేదు.

ఇద్దరూ పని పంచుకున్నారు. ఆమె ముక్కుకి మాస్కు తగిలించుకుని, పక్కన ఫ్యాను పెట్టుకుని లోపల రంగు వేస్తుంది. అతను బయట కూర్చుని రంగు కలుపుతాడు. అది మామూలు రంగు కాదు. పెద్ద డబ్బాలో చిక్కటి రంగు, చిన్న డబ్బాలో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ వస్తాయి. రెండూ కలిస్తేనే గోడ మీద రాయిలా గట్టిపడుతుంది. మొత్తం వాడేటప్పుడు బాధే లేదు, చిన్న డబ్బాని పెద్ద డబ్బాలో ఒంపేసి కలిపితే సరి. సగం కావాలంటేనే కొలవాలి. అన్నయ్య దగ్గర గీతలున్న మగ్గు ఒకటి ఉండేది. దాంతో నాలుగు మగ్గులు రంగు, ఒక మగ్గు హార్డ్‌నర్. "నాలుగుకి ఒకటి" అన్న మాట ఆ ఇంట్లో పప్పులో ఉప్పంత మామూలు మాట.

అయితే ఈమధ్య అన్నయ్య చెయ్యి వణుకుతోంది. మొదట టీ సాసర్లోకి ఒలికింది. తరవాత మగ్గులో గీత దాటిపోవడం మొదలైంది. దాటింది చెంచాతో వెనక్కి తియ్యబోతే ఇంకాస్త ఒలికేది. అతను పళ్ళు బిగించేవాడు, ఆమె చూడనట్టు తల తిప్పుకునేది. ఒకరోజు ఆమె బజారు నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చింది.

"ఇదెందుకే?" అన్నాడు అన్నయ్య.

"నా కళ్ళు మసకేస్తున్నాయి. మగ్గు మీద గీతలు ఆనట్లేదు. దీని మీద అంకెలు పెద్దవి."

అన్నయ్య కాటాని దగ్గరికి లాక్కున్నాడు. కాటా మీద గిన్నె పెట్టి, కొంచెం కొంచెంగా పోసుకుంటూ పోతే చెయ్యి వణికినా ఇబ్బంది లేదు. అంకె వచ్చేదాకా పొయ్యొచ్చు.

చేపపిల్లల్ని పెంచే ఒక ఆసామి దగ్గర పని కుదిరింది. వరసగా పెద్ద సిమెంటు తొట్లు, చివర ఒక చిన్నది. అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్లల్ని మొదట వదిలేది ఆ చిన్నదాంట్లోనే. పెద్ద తొట్లకి డబ్బాలకి డబ్బాలే పట్టాయి కాబట్టి కొలిచే అవసరం రాలేదు. అవి చక్కగా గట్టిపడ్డాయి, కడగడం కూడా అయిపోయింది. చిన్నదాంట్లోకి దిగిన రోజు ఆమె లోపలినుంచే కేక వేసింది.

"అన్నయ్యా, సగం చాలు. డబ్బా ఆరు కిలోలు తూగింది కదా, రంగు మూడు కిలోలు తూచు. హార్డ్‌నర్ అందులో నాలుగోవంతు, ఏడువందల యాభై గ్రాములు."

కాసేపటికి పైనుంచి అతని గొంతు వినిపించింది. "ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు చూడు."

ఎన్నాళ్ళకో అతని మాటలో హుషారు విని ఆమెకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి చిన్న తొట్టి కూడా పూర్తి చేసి ఇంటికి వచ్చారు.

మర్నాడు వెళ్ళి గోడ మీద వేలు పెడితే అంటుకుంది. రంగు కాస్త పచ్చబారింది, పైన జిడ్డు మెరుస్తోంది, లోపలంతా ముక్కు మండించే వాసన. మబ్బు పట్టింది కదా, ఆరలేదేమో అనుకుంది. ఆ మర్నాడూ అంతే. గోరు నొక్కితే మైనంలో దిగినట్టు దిగింది.

ఆసామి గట్టు మీద నిలబడి అన్నాడు. "అక్కా, చేపపిల్లలకి ఆర్డరు చెప్పేశాను. బండి కూడా మాట్లాడుకున్నాను. ఇంక నీళ్ళు వదిలి కడుక్కుంటా."

"ఇంకో పూట ఆగండి. గట్టిపడకుండా నీళ్ళు పెడితే ఆ మందంతా నీళ్ళలోకి దిగుతుంది. పిల్లలు బతకవు."

"ఎప్పటికి గట్టిపడుతుందో చెప్పు మరి."

ఆమె అన్నయ్య వైపు చూసింది. అతను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పెద్ద తొట్ల వైపు చూస్తున్నాడు.

ఇద్దరూ ఇంటికి వచ్చేశారు. ఆమెకి అన్నం సయించలేదు. ఆ పిల్లలు వేలల్లో వస్తాయి, ఒక్కోటి గోరంత కూడా ఉండదు. అవి వెల్లకిలా పడి నీళ్ళ మీద తేలుతున్నట్టు కళ్ళ ముందు కదులుతూనే ఉంది. కంచం తీస్తూ వదిన మెల్లిగా అంది.

"మీ అన్నయ్య ఇంక పనికి రాడట. నిన్ను ఇంకెవరినైనా చూసుకోమన్నాడు."

"ఎందుకట?"

"నా చెయ్యి చెడగొట్టింది, చెల్లెలి పరువు తీశాను అంటున్నాడు. పొద్దుట గడ్డం గీసుకోమన్నా గీసుకోలేదు."

ఆమె వరండాలోకి వెళ్ళింది. మిగిలిన డబ్బాలు అక్కడే ఉన్నాయి. రంగు డబ్బా ఎత్తి చూసింది. సగం బరువుంది, సరిగ్గానే ఉంది. హార్డ్‌నర్ డబ్బా ఎత్తబోతే ఖాళీదానిలా చేతిలోకి లేచివచ్చింది. అడుగున కొంచెం తొణికింది, అంతే.

సగం రంగు వాడితే సగం హార్డ్‌నరే కదా అయిపోవాలి. ఇది ఇంతలా ఎలా అయిపోయింది? ఎక్కువ పోసేశాడు. చెయ్యి వణికి ఎక్కువ పడిపోయి ఉంటుంది, చెప్పలేక ఒక్క గ్రాము తేడా లేదన్నాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ పోనూ పోలేదు.

ఏమైనా చూద్దామని కాటా తెచ్చి, డబ్బాలో మిగిలింది గిన్నెలోకి ఒంపి తూచింది. రెండువందల గ్రాములు. దానికి వాడిన ఏడువందల యాభై కలుపుకుంది. తొమ్మిదివందల యాభై. డబ్బా తిప్పి చూస్తే మీద లీటరు అని, పక్కనే చిన్నగా తొమ్మిదివందల యాభై గ్రాములని రాసుంది. లీటరంటే కిలో అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. ఇది నీళ్ళకంటే తేలిక, కిలోకి కాస్త తక్కువే తూగుతుంది. అంటే అన్నయ్య పోసింది సరిగ్గా ఏడువందల యాభయ్యే. ఒక్క గ్రాము తేడా లేదన్న మాట అక్షరాలా నిజం.

మరి తేడా ఎక్కడ? రంగు డబ్బా మీద నాలుగు లీటర్లని ఉంది. తూగింది మాత్రం ఆరు కిలోలు. అంటే లీటరుకి కిలోన్నర. రంగులో పిండీ పొడీ కలిసి ఉంటాయి, అందుకే అంత బరువు. కంపెనీ వాళ్ళు ఆరు కిలోల రంగుకి ఇచ్చిన హార్డ్‌నర్ తొమ్మిదివందల యాభై గ్రాములే. అందులో సగమంటే నాలుగువందల డెబ్బై అయిదు. తను చెప్పింది ఏడువందల యాభై.

మగ్గుతో కొలిస్తేనే నాలుగుకి ఒకటి. కాటా మీద పెడితే ఆరుకి ఒకటికన్నా కాస్త తక్కువ. మగ్గు లెక్క తీసుకెళ్ళి కాటాకి చెప్పింది తనే. డబ్బా మీద చిన్న అక్షరాల్లో 'పరిమాణం ప్రకారం' అని ఉండనే ఉంది.

"అన్నయ్యా" అని పిలిచింది. రెండోసారి పిలిస్తే వచ్చాడు. ఆమె ఒకే సైజు టీ గ్లాసులు రెండు తీసుకుని, ఒకదాంట్లో సగం వరకు రంగు, రెండోదాంట్లో అదే ఎత్తుకి హార్డ్‌నర్ పోసి, ఒక్కొక్కటీ కాటా మీద పెట్టింది. రంగు గ్లాసు రెండోదానికి ఒకటిన్నర రెట్లు తూగింది.

అతను అంకెలు రెండుసార్లు చదువుకున్నాడు.

"నువ్వు చెప్పినంతే పోశాను కదా?" అన్నాడు చివరికి.

"నేను చెప్పిందే తప్పు. నీ చెయ్యి తప్పలేదు."

"నీ కళ్ళకేం రోగం లేదు, అవునా?"

ఆమె తల దించుకుంది. "లేదు."

"నాకు తెలుసులే. తెలియనట్టే ఉందామనుకున్నా" అన్నాడు అతను. వణికే చేతిని ఈసారి జేబులో పెట్టుకోలేదు.

ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. హార్డ్‌నర్ ఎక్కువైతే మిగిలిపోయినదానికి కలిసేందుకు రంగు దొరకదు, ఎన్నాళ్ళు ఆరబెట్టినా మెత్తగానే ఉంటుంది. ఆసామికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసినా ఎత్తలేదు. ఇద్దరూ మోపెడ్ ఎక్కారు. రోడ్డు మీద ప్రతి లారీ అడ్డం పడుతున్నట్టే అనిపించింది ఆమెకి. వెనక కూర్చున్న అన్నయ్య, "మెల్లిగా పోనియ్యి, మనం పోయాక చేపలెందుకు" అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

వెళ్ళేసరికి చిన్న తొట్టిలో నీళ్ళు పడుతున్నాయి. ఆసామి గొట్టం పట్టుకుని నిలబడ్డాడు, పక్కనే బకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఆమె గట్టు మీదినుంచి దూకినంత పని చేసి కుళాయి కట్టేసింది.

"పిల్లల్ని వదిలారా?"

"లేదు, రేపొస్తాయి. ఇవాళ కడుగుతున్నా. ఏమైంది?"

ఆమె గట్టు మీదే కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. లెక్క తనదేననీ, రంగంతా గీకి మళ్ళీ వెయ్యాలనీ, అప్పటిదాకా ఇందులో చేప వెయ్యొద్దనీ చెప్పింది. ఆసామి మొహం మాడిపోయింది.

"రేపొచ్చే పిల్లల్ని నెత్తిన పెట్టుకోనా?"

అన్నయ్య కల్పించుకున్నాడు. "పెద్ద తొట్టిలో ఒక మూలకి సన్న వల కట్టండి. కాస్త కష్టమే. ఆ రంగు మాత్రం గట్టిగా ఉంది, దానికి నాది పూచీ."

ఆసామి గొణుక్కుంటూనే వల కోసం వెళ్ళాడు.

ఆ మెత్తని రంగు గీకడం వెయ్యడం కంటే పదింతలు చాకిరీ. రేకుతో గీకుతుంటే బంకలా ఉండలు కట్టి చేతి తొడుగులకి పట్టుకునేది. గీకి, థిన్నరు గుడ్డతో తుడిచి, ఆరాక గరుకుగా ఉండే ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ తుడిచి, అప్పుడు గాని గోడ చేతికి రాలేదు. కొత్త డబ్బాలు తెచ్చారు. కాటా అన్నయ్యే సర్దుకున్నాడు. మూడు కిలోల రంగు, నాలుగువందల డెబ్బై అయిదు గ్రాముల హార్డ్‌నర్. పోశాక ఆగి, మగ్గుతో కూడా ఒకసారి సరిచూసుకున్నాడు. రెండు లెక్కలూ ఒకచోటికే వచ్చాయి.

అయినా ఆ రాత్రి ఆమెకి కునుకు పట్టలేదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి తొట్టిలోకి తొంగిచూశారు. అన్నయ్య చెయ్యి చాపి గోడ మీద గోరు గీశాడు. గోరు జారిపోయింది. అతను మరో మూల చూశాడు, ఇంకో మూల చూశాడు, ఆ తరవాతే నోరు విప్పాడు.

"ఇంక దీన్ని కొన్నాళ్ళు ముట్టుకోకుండా వదిలెయ్యమని చెప్పు వాడికి."

వల కట్టిన మూలలో కొన్ని పిల్లలు చచ్చాయి, అది ఇరుకు వల్లేనని ఆసామే అన్నాడు. మిగిలినవి చిన్న తొట్టిలోకి మారాయి, పెరిగాయి. మరుసటి ఏడు అతను వేరేవాళ్ళని పిలిచాడు. అతని స్థానంలో తనున్నా అంతే చేసేదని ఆమె వదినతో ఒకసారి అంది, అంతే.

అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి మాత్రం ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి వదిన అలిగి పుట్టింటి బస్సెక్కుతానంటే కదిలాడు. ఆసుపత్రి బల్ల మీద పక్కపక్కన కూర్చుని పేరు పిలిచేదాకా ఎదురుచూస్తుంటే, ఆమె అతని కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అది వణుకుతూనే ఉంది. అతను వెనక్కి లాక్కోలేదు.