బూడిదతో రుద్దిన తొమ్మిది టైల్స్

మంచిర్యాలలో ఒక టైల్స్ దుకాణంలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. టైల్స్ అమ్మడం ఒక ఎత్తు, అమ్మిన తర్వాత వచ్చే తిట్లు వినడం ఇంకో ఎత్తు. సగం తిట్లు ఒకే బాపతు. కొత్త నేల తెల్లగా మసకబారింది, ఎంత తుడిచినా పోవడం లేదు, మీరు నకిలీ మాల్ అంటగట్టారు అని. మాల్‌ది తప్పు కాదు. మేస్త్రీలు జాయింట్లలో తెల్ల సిమెంట్ నింపి, ఒకే బకెట్ మురికినీళ్ళతో నేలంతా తుడిచి, రంపపు పొట్టు చల్లి రుద్ది వెళ్ళిపోతారు. ఆ నీళ్ళు ఆరి పొర కడతాయి. జనం ఆసిడ్ సీసా కొనుక్కుపోయి గుమ్మరిస్తారు. ఆసిడ్ జాయింట్లను తింటుంది, స్టీలు కుళాయిలను నల్లబరుస్తుంది, కొన్ని టైల్స్ మీది గాజులాంటి పైపొరను కూడా చంపేస్తుంది. పైపొర ఒకసారి పోతే మళ్ళీ రాదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. అందరికీ చెప్పాను కాని, కన్నతల్లి మా అవ్వకు చెప్పాలని తోచలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

మా నాన్న, బాపు అంటాం, ముప్పై రెండేళ్ళు బొగ్గు బాయిలో, భూమి కింద గనిలో పనిచేశాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, ఊరి చివర ఒక చిన్న ఇంట్లో చేరాం. నేల బండలదే, ఎత్తుపల్లాలతో ఉండేది. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని అప్పటికే డాక్టర్లు చెప్పారు. జన్మలో ఇది కావాలని అడగని మనిషి, ఒకరోజు మెల్లగా మా దుకాణానికి నడిచొచ్చాడు. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ లోపలికొచ్చి, పాల రంగు టైల్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పైనున్న ట్యూబ్‌లైట్ అందులో గీతలా కనబడింది.

“గిది ఏపిద్దాం బిడ్డా. ఇంట్ల వెల్తురుంటది” అన్నాడు.

పాత బండలు పగలగొడితే దుమ్ము లేస్తుందని, వాటి మీదనే టైల్ అడెసివ్‌తో వేయించడానికి పూనుకున్నాను. మేస్త్రీలు దాన్ని గమ్ము అంటారు. సిమెంట్‌లో ఏదో జిగురు కలిపి ఉంటుంది, ఎండితే ఉడుంపట్టే. పని సగంలో ఉండగా బాపుకు ఆయాసం ఎక్కువై కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చాం. చిన్నాయన తోడుగా ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా బాపు అడిగేది ఒక్కటే, నేల అయ్యిందా అని. అయ్యింది అనేదాన్ని. కాలేదు. మేస్త్రీ పని ఎలాగోలా ముగించి పోయాడు. బాపు మంచం వేసే ముంగటి గదంతా తెల్లటి పొర, కిటికీ కింద అడెసివ్ ముద్దలు, చెప్పుల అచ్చులు.

“అక్కా, జర యాసిడ్ కొట్టుండ్రి, అద్దమైతది” అన్నాడు పోతూ పోతూ.

“నీ నెత్తి మీద కొట్టుకో” అన్నాను. నా నోరు అంతే. ఆ ఘాటు మూసిన గదిలో ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. వచ్చేది ఊపిరాడని మనిషి.

పదకొండో రోజు ఆసుపత్రికి పోతే డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి, ఆక్సిజన్ మిషన్ పెట్టుకోండి అన్నాడు. శుక్రవారం పంపిస్తామన్నాడు. నాకు ఏడుపు రాలేదు. చేతిలో నాలుగు రోజులున్నాయి, ముందు ముంగటి గది నేల మీది పొర తీయాలి అనుకున్నాను. బాపు ఇంకెన్నాళ్ళుంటాడో నా చేతిలో లేదు. మంచం మీంచి చూస్తే ఆయన కోరిన నేల కనబడాలి. నాకు మిగిలిన పని అదొక్కటే.

జాయింట్లు గట్టిపడి అప్పటికే వారమైంది. పొద్దున దుకాణానికి పోయేముందు, సాయంత్రం వచ్చాక మోకాళ్ళ మీద కూర్చున్నాను. సిమెంట్ పొర కోసం మా దుకాణంలో ఒక తెల్ల పొడి దొరుకుతుంది. అదీ ఆసిడ్ జాతిదే కాని నెమ్మదస్తురాలు, పొగ చిమ్మదు. ముందు తలుపు వెనక ఒక మూలన రాసి, కడిగి, ఆరనిచ్చి, మెరుపు తగ్గలేదని చూసుకున్నాను. తర్వాత నాలుగైదు టైల్స్ చొప్పున పట్టుకున్నాను. మొదట మంచినీళ్ళతో తడపాలి, లేకపోతే మందును జాయింట్లే తాగేస్తాయి. పొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళు పరిచి, ఆరిపోకముందే మెత్తటి నైలాన్ బ్రష్‌తో రుద్ది, ఆ బురదను గుడ్డతో ఎత్తేసి, నీళ్ళు మార్చి మార్చి మూడుసార్లు కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. పొర కరిగి టైల్ బయటపడుతుంటే చూడడం బాగుండేది, అబద్ధమెందుకు.

అడెసివ్ ముద్దల సంగతి వేరే. మందు అందులోని సిమెంట్‌ను తింటుంది కాని జిగురు దానికి లొంగదు. తడిగుడ్డ పరిచి గంటలకొద్దీ నానబెట్టి, పాత ప్లాస్టిక్ కార్డు ముక్కతో ఏటవాలుగా గీరాలి. ఇనుప పట్టీ ముట్టించకూడదు. పూటకు రెండు ముద్దలు వస్తే గొప్ప.

అవ్వ గడపలో కూర్చుని చూసేది. “ముగ్గేసినట్టు చేస్తున్నవేందే. శుక్రారం దాకా అయితదా?” అనేది.

“నువ్వు ముట్టకు. నేనే తీస్త” అన్నాను. ఎందుకు ముట్టకూడదో చెప్పలేదు. దుకాణంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళకు పావుగంట చెప్పేదాన్ని, ఇంట్లో ఒక్క ముక్కతో సరిపెట్టాను.

గురువారం పొద్దునకు గదంతా శుభ్రమైంది. కిటికీ కింద తొమ్మిది టైల్స్ మేర మిగిలింది. తడిగుడ్డలు పరిచి, కాగితాల పని కోసం కరీంనగర్ పోయాను. మర్నాడు పొద్దున అంబులెన్స్‌లో బాపుతో తిరిగొచ్చాను.

అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. నవ్వుతోంది. లోపల నేలంతా మెరుస్తోంది, కిటికీ కింద కూడా. కిటికీ చువ్వలు నేలలో కనబడుతున్నాయి. బాపును మంచం మీద పడుకోబెట్టి మిషన్ పెట్టాం. ఆయన మెల్లగా తల తిప్పి నేల చూశాడు, చాలాసేపు చూశాడు. నేను అవ్వ వైపు చూస్తే, ‘నేనే తీసిన’ అనే ధీమా ఆమె మొహంలో.

తర్వాత ఫ్యాన్ గాలికి నేల ఆరింది. గదంతా మెరుస్తూనే ఉంది, ఆ తొమ్మిది టైల్స్ తప్ప. అవి సుద్ద పూసినట్టు చచ్చి పడి ఉన్నాయి. మోకాలి మీద వంగి వేలితో రాశాను. సిమెంట్ లేదు, జిగురు లేదు. పైపొర కూడా లేదు. సన్నటి గీతలు గుండ్రంగా, గిన్నె తోమినట్టు తిరిగి ఉన్నాయి.

పెరట్లోకి పోయి చూస్తే బకెట్‌లో జల్లించిన బొగ్గు బూడిద, పక్కన కొబ్బరిపీచు, ఇటుక ముక్క. బాయి క్వార్టర్లలో ఆడవాళ్ళందరూ దాంతోనే తోమారు. గిన్నెలు, గడపలు, బాపు టిఫిన్ డబ్బా, అన్నీ. గ్యాసొచ్చి ఇన్నేళ్ళైనా మా అవ్వ పెరట్లో నీళ్ళు కాచే బొగ్గు పొయ్యి మానలేదు, బూడిద పారబోయలేదు. బూడిదలో ఇసుక లాంటి రవ్వలుంటాయి, ఇటుకతో కలిసి అవి గాజును కోస్తాయి. ఇత్తడికి పనికొచ్చేది టైల్‌కు చావు.

“ముట్టద్దన్న గదా. బూడిద తప్ప ఇంకేం తెల్వదా నీకు? అన్నం తింటున్నవా బూడిద తింటున్నవా?” అన్నాను. గొంతు తగ్గించే అన్నాను, కాని కసిగా అన్నాను.

“సిమెంటు పోయింది గదనే” అంది అవ్వ. కొంగుకు చేతులు తుడుచుకుంటూ, “పట్టుబట్టతోని జల్లించిన. మెత్తగనే ఉండె. ఆరినంక తెల్లగైతుంటే ఇంకా సిమెంటే అనుకున్న, అందుకే మళ్ళ మళ్ళ తడిపి తోమిన” అంది. ఆమె వేళ్ళ కొసలు ఒరిసిపోయి ఎర్రగా ఉన్నాయి. నేను వాటిని చూసి కూడా లోపలికొచ్చేశాను. ఆ మాటకు, ఆ రావడానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

బాపు కిటికీ కింద చూపించి, “గాడ ఏమైంది బిడ్డా?” అన్నాడు.

“జర సిమెంట్ మిగిలింది బాపు. తీస్త.”

“నిమ్మళంగ తియ్యి” అన్నాడు.

మార్గం లేదు. మా దుకాణంలో ఉన్న పాలిష్‌లన్నీ రాశాను, రెండు రోజులుండి పోయాయి. టైల్స్ మార్చాలంటే పగలగొట్టాలి, మిషన్ పెట్టి కోయాలి, గదంతా దుమ్ము లేస్తుంది. ఆ మంచం పక్కన ఆ పని ఎవరు చేస్తారు? పైగా డబ్బాలో మిగిలినవి రెండే టైల్స్. ఆడిన అబద్ధానికి కట్టుబడి, రోజూ పొద్దున బకెట్, బ్రష్ తెచ్చుకుని ఆ తొమ్మిది టైల్స్ మీద కూర్చునేదాన్ని. లేని సిమెంట్‌ను ఉత్త నీళ్ళతో రుద్దేదాన్ని. తడి ఉన్నంతసేపు అవి మెరిసేవి. బాపు అటే చూసేవాడు. ఆరేసరికి కళ్ళు మూసుకునేవాడు. నేను రుద్దుతున్నంతసేపు అవ్వ వంటింటి తలుపు పట్టుకుని నిలబడేది, ఆ కిటికీ వైపు వచ్చేది కాదు.

మూడో వారంలో ఒక పొద్దున అవ్వ పెరట్లో ఉంది. నేను రుద్దుతున్నాను. బాపు ముక్కుకున్న గొట్టం సర్దుకుని పిలిచాడు.

“అది పోదు బిడ్డా. పోయేదైతే నువ్వు ఒక్క పూటల తీస్తువు.”

బ్రష్ ఆపాను.

“గా గీతలు చూసిన దినమే తెలిసింది. ముప్పై ఏండ్లు నా డబ్బా మీద గసుంటియే చూసిన. మీ అవ్వనే గదా?”

నేను తలూపాను.

ఊపిరి కోసం ఆగి ఆగి అన్నాడు. “నాకు తెలుసని చెప్పకు. అది బతికినన్ని దినాలు కుమిలిపోతది. నువ్వు రుద్దుకుంటనే ఉండు.”

అందుకని రుద్దుతూనే ఉన్నాను, ఇంకా పద్దెనిమిది రోజులు. ఆ గదిలో ఆ నీళ్ళు ఎవరి కోసమో నాకూ, ఆయనకూ మాత్రమే తెలుసు. పంతొమ్మిదో పొద్దున బకెట్ తెచ్చేసరికి బాపు లేడు. మిషన్ మాత్రం గాలి తోస్తూనే ఉంది.

దినాలైపోయాక, చుట్టాలు వెళ్ళిపోయాక అవ్వ మొదటిసారి వచ్చి ఆ కిటికీ కింద కూర్చుంది. ఆ టైల్స్ మీద అరచేయి పెట్టి గుండ్రటి గీతలను తడిమింది. తర్వాత నా చేయి పట్టుకుంది.

“పొయ్యేదాక సిమెంటే అనుకున్నడు మీ బాపు. నేను కరాబ్ చేసిన్నని తెల్వకుండనే పోయిండు. నువ్వు కడుపుల దాసుకున్నవ్ బిడ్డా. గదొక్కటి నాకు సాలు” అంది.

జన్మలో ఏ మాటా మింగనిదాన్ని. “అవునవ్వా, బాపుకు తెల్వదు” అన్నాను.