ప్లీజ్ స్టే

దిల్‌సుఖ్‌నగర్‌లో పాపకు చార్టు కొంటుంటే నా కార్డు గుర్తొచ్చింది. ఇంగ్లిష్ క్లాసులో చార్టు మడిచి, పైన పువ్వేసి, లోపల ‘డియర్’ అని మీరూ రాసే ఉంటారు.

తెలంగాణ ఉద్యమం రోజులు. నల్గొండ నుంచి వచ్చిన తాత, నానమ్మ బంద్‌ వల్ల బస్సుల్లేక ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే ఆగిపోయారు. అందుకే వాళ్లకు రాశాను: ‘డియర్ తాత అండ్ నానమ్మ, ఐ లైక్ బంద్. నో బస్. ప్లీజ్ స్టే. యువర్స్ లవింగ్లీ, స్వాతి.’ ‘తాత’ కొట్టేసి టీచర్ ‘గ్రాండ్‌ఫాదర్’ అని ఎర్రగా దిద్దింది.

బస్సులు మొదలైన రోజు కార్డు ఇచ్చాను.

“ఏం రాసిందిరా బిడ్డ?” అని తాత నాన్ననడిగాడు.

నాన్న మొత్తం చదువుకున్నాడు. “హ్యాపీ జర్నీ అని రాసింది. పైలంగ పొమ్మంటుంది” అన్నాడు. నా వైపు చూడలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

తాత సంచి భుజానికేసుకుని నా తల నిమిరాడు.

“మమ్మల్ని పంపనీకి ఎంత సంబురమే నీకు.”